18 రోజుల పాపకు ముక్కు బిగదీసింది, తుమ్ములు, పాలు పట్టుకుని వదిలేస్తోంది – ఏ చుక్కలు వేయాలి?

పుత్తూరు_సుమతి · డిసెంబర్ 11, రాత్రి 9:42

పాపకు నేటికి 18 రోజులు. నెలలు నిండి పుట్టింది, మామూలు కాన్పు, పుట్టినప్పుడు 2 కిలోల 900 గ్రాములు. నాలుగు రోజులుగా ముక్కులో గురగురమంటా ఉంది. తెల్లవారుజామున ఎక్కువ. రోజుకు పది పన్నెండు సార్లు తుమ్ముతుంది. చీమిడి కారడం లేదు, దగ్గు లేదు.

అసలు ఇబ్బంది పాల దగ్గర. రొమ్ము పట్టుకుని నాలుగైదు గుక్కలు తాగుతుంది, గబుక్కున వదిలేసి తల వెనక్కి విరుచుకుని ఏడుస్తుంది, మళ్లీ పట్టుకుంటుంది. ఒక్కోసారి అరగంటకు పైగా ఇదే తంతు.

మధ్యాహ్నం మా ఆయన మందుల షాపులో చంటిబిడ్డకు ముక్కు చుక్కలు కావాలంటే చిన్న సీసా ఒకటి ఇచ్చినారు. పెట్టె మీద బిడ్డ బొమ్మ ఉంది. ఇంకా వేయలేదు. ఎన్ని చుక్కలు, ఎప్పుడు వేయాలి? మా అమ్మేమో ఆముదం వేస్తే చాలంటుంది.

---

కుప్పం_శ్రీను · రాత్రి 9:55

చలికాలం కదా, మావాడికీ ఇదే గోల. రొంప సిరప్ రెండున్నర ఎం.ఎల్. పొద్దున, రాత్రి పోసి, పడుకునే ముందు ఆవిరి పట్టినాం. రెండు రోజుల్లో సర్దుకున్నాడు. భయపడొద్దు.

---

పాకాల_ఫార్మసిస్టు · రాత్రి 10:03

శ్రీనన్నా, మీవాడికి వయసెంత? ఇక్కడ బిడ్డకు 18 రోజులు. 

సుమతమ్మా, సీసా మీద బ్రాండు పేరు కాదు, దాని కింద చిన్న అక్షరాల్లో మందు పేరు, శాతం ఉంటాయి. అది ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి. అంతవరకు చుక్క కూడా వేయొద్దు.

---

కుప్పం_శ్రీను · రాత్రి 10:06

మావాడికి మూడేళ్లు. రోజుల బిడ్డ అని చూసుకోలేదు, క్షమించాల.

---

పుత్తూరు_సుమతి · రాత్రి 10:11

"జైలోమెటజోలిన్ హైడ్రోక్లోరైడ్ 0.05 శాతం, పీడియాట్రిక్, 10 ఎం.ఎల్." అని ఉందన్నా.

---

పాకాల_ఫార్మసిస్టు · రాత్రి 10:24

అనుకున్నదే. అది పక్కన పెట్టేయండి. మీకు కావలసింది సెలైన్, అంటే ఒట్టి ఉప్పునీరు. పెట్టె మీద "సోడియం క్లోరైడ్ 0.65 శాతం" అనో "0.9 శాతం" అనో ఉండాలి, మందు పేర్ల వరుసలో ఇంకేమీ ఉండకూడదు. ఆ రెండు శాతాల్లో ఏదైనా పర్వాలేదు. 3 శాతం అని ఉంటే మాత్రం వద్దు, అది గాఢమైన ఉప్పునీరు, చంటిబిడ్డ ముక్కు మండుతుంది.

జైలోమెటజోలిన్, ఆక్సీమెటజోలిన్ రెండూ ముక్కులోని రక్తనాళాలను బిగించే మందులు. పెద్దవాళ్లకు క్షణంలో ముక్కు తెరుచుకుంటుంది కాబట్టి షాపులో ఇదే చేతికొస్తుంది. "పీడియాట్రిక్" అని రాసి ఉన్నంత మాత్రాన రోజుల బిడ్డకు పనికొస్తుందని కాదు. మూడు కిలోల ఒంట్లో రెండు మూడు చుక్కలు ముక్కు పొరల నుంచి నేరుగా రక్తంలోకి పోతే బిడ్డ మత్తుగా పడుకుంటుంది, ఒళ్లు చల్లబడుతుంది, గుండె నెమ్మదిస్తుంది, ఊపిరి తీయడం కూడా మందగించవచ్చు. పైగా మూడు నాలుగు రోజులు వాడి ఆపితే ముక్కు ముందుకంటే ఎక్కువ బిగుస్తుంది.

షాపుల్లో ఈ తికమక ఎందుకంటే, ఒకే కంపెనీ ఒకే రంగు పెట్టెలో, ఒకే పేరుకు ఒక అక్షరం చేర్చి, సెలైన్ కూడా అమ్ముతుంది, నాళాలు బిగించే మందూ అమ్ముతుంది. "ముక్కు చుక్కలు" అని అడగొద్దు. "పసిబిడ్డకు సోడియం క్లోరైడ్ చుక్కలు" అని అడగండి.

శ్రీనన్న చెప్పిన సిరప్ గురించి ఒక్క మాట. రొంప సిరప్పుల్లో, చుక్కల్లో తరచుగా ఉండేది క్లోర్‌ఫెనిరమిన్, ఫినైలెఫ్రిన్ జోడీ. నాలుగేళ్ల లోపు పిల్లలకు ఆ జోడీ వాడరాదని పెట్టె మీద ముద్రించాలని మన కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. మూడేళ్ల మీ వాడికి కూడా అది చూసుకోండన్నా.

---

పెద్దమ్మ_చంద్రగిరి · రాత్రి 10:40

సీసాల జోలికి పోకుండా రొమ్ముపాలే రెండు చుక్కలు ముక్కులో పిండితే సరిపోతుంది తల్లీ. మేమంతా అట్లా పెంచినోళ్లమే. తుమ్ములకు భయమెందుకు, తుమ్మితే ముక్కు శుభ్రమైపోతుంది. లేదా గ్లాసు కాగబెట్టిన నీళ్లలో చిటికెడు ఉప్పేసి చల్లార్చి వాడుకో. స్నానం అయినాక సాంబ్రాణి కాస్త గట్టిగా పడితే గురగుర తగ్గుతుంది.

---

పసిబిడ్డల_సిస్టర్ · రాత్రి 11:02

నేను తిరుపతిలో పసిబిడ్డల ప్రత్యేక వార్డులో పనిచేస్తాను. సుమతీ, మందు సంగతి ఫార్మసిస్టు గారు సరిగ్గా చెప్పారు. చుక్కల దగ్గరికి వచ్చే ముందు బిడ్డ ఎలా ఉందో చూద్దాం. ఈ రాత్రే మీరు చూసి చెప్పవలసినవి నాలుగున్నాయి.

మొదటిది ఊపిరి లెక్క. పాప నిద్రలోనో, ఏడవకుండా నిమ్మళంగానో ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి పొట్ట చూడండి. పొట్ట ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పూర్తిగా అరవై సెకన్లు లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే తప్పు వస్తుంది, ఎందుకంటే రోజుల బిడ్డ ఊపిరి సమంగా ఉండదు. గబగబా పది తీసి, ఐదారు సెకన్లు ఆగి, మళ్లీ తీస్తుంది. ఆ చిన్న విరామం మామూలే. లెక్క 60 లోపు ఉంటే మంచిది. 60 గానీ అంతకు మించి గానీ వస్తే కాసేపాగి మళ్లీ లెక్కపెట్టాలి. రెండోసారీ అంతే వస్తే తెల్లారేదాకా ఆగకూడదు.

రెండోది డొక్కలు. ఊపిరి పీల్చేటప్పుడు పక్కటెముకల కింద లోతుగా గుంట పడుతోందా? పసిబిడ్డ ఎముకలు మెత్తన కాబట్టి కొంచెం లోపలికి పోవడం ఉంటుంది. దూరం నుంచే కనిపించేంత లోతు గుంట, దానికి తోడు ముక్కు పుటాలు ఎగరడం, వదిలే ప్రతి ఊపిరికీ "ఊఁ" అని మూలుగు, ఇవి ఊపిరితిత్తుల మాట, ముక్కుది కాదు. ముక్కు గురగుర ఎక్కువగా పీల్చేటప్పుడు వినిపిస్తుంది. మూలుగు వదిలేటప్పుడు వస్తుంది.

మూడోది చంకలో థర్మామీటర్. 99.5 లేదా ఆపైన ఉన్నా, 95.9 కంటే తక్కువున్నా ఆసుపత్రి. ఈ వయసులో ఇంట్లో జ్వరం చుక్కలు వేసి చూద్దాం అనుకోకూడదు. వేడి తగ్గినట్టు కనిపిస్తుంది, లోపలి ఇన్‌ఫెక్షన్ అలాగే ఉంటుంది.

నాలుగోది నిన్న ఈ వేళ నుంచి ఇప్పటిదాకా ఎన్ని గుడ్డలు ఒంటేలుకు తడిశాయి, పాలకు తనంతట తాను లేస్తోందా, లేపినా లేవడం లేదా. బరువు చూసి ఉంటే అదీ చెప్పండి.

ఇంకో చిన్న పని. స్టీలు చెంచా కాసేపు చల్లటి నీళ్లలో ఉంచి, తుడిచి, పాప ముక్కు కింద అడ్డంగా పట్టుకోండి, చర్మానికి తగలకుండా. రెండు రంధ్రాల కిందా మసక పడుతుందా, ఒక్కవైపే పడుతుందా చూడండి.

---

పుత్తూరు_సుమతి · రాత్రి 11:38

అక్కా, అన్నీ చూసినాను. ఊపిరి మొదటిసారి 52, రెండోసారి 48. డొక్కల్లో గుంట పెద్దగా లేదు, మూలుగు లేదు. జ్వరం 98.1. నిన్న రాత్రి నుంచి ఎనిమిది గుడ్డలు తడిపింది. పాలకు తనే లేస్తుంది, ఏడ్చి లేపుతుంది. 14వ రోజు ఆశా వచ్చి తూకం వేసింది, 3 కిలోల 50 గ్రాములు. చెంచా మీద కుడివైపు మసక బాగా పడింది, ఎడమవైపు చాలా పలచగా. లోపల ఎండిన పక్కు తెల్లగా కనిపిస్తా ఉంది. ఇయర్‌బడ్‌తో తీయనా?

---

పసిబిడ్డల_సిస్టర్ · డిసెంబర్ 12, రాత్రి 12:05

తీయొద్దు. ఇయర్‌బడ్, గుడ్డ పీలిక, హెయిర్‌పిన్ ఏదీ లోపలికి పోకూడదు. ఆ పక్కు ఇంకా లోపలికి జరుగుతుంది, పొర గీసుకుని వాస్తుంది. వాచిందంటే రెండు రోజులు నిజంగానే ముక్కు మూసుకుపోతుంది.

మీరు చెప్పిన లెక్కలన్నీ బాగున్నాయి. పుట్టిన బరువు దాటి 150 గ్రాములు పెరిగింది, ఒంటేలు బాగా పోస్తోంది. అంటే పాలు తంటాలు పడుతూ తాగుతోంది గానీ సరిపడా తాగుతోంది. కాబట్టి ఈ రాత్రి పరుగెత్తే పని లేదు.

పాలు వదిలేసి ఏడవడానికి కారణం ఇదీ: రోజుల బిడ్డకు నోటితో ఊపిరి తీయడం సరిగ్గా చేతకాదు. నాలుక నోరంతా నిండి ఉంటుంది. రొమ్ము పట్టుకుంటే నోటి దారి పూర్తిగా మూసుకుంటుంది, ఊపిరికి మిగిలేది ముక్కు ఒక్కటే. ఆ రంధ్రం ఎంత సన్ననిదంటే కాస్త పక్కు కట్టినా, పొర కాస్త వాచినా సగం దారి పోతుంది. నాలుగు గుక్కలకు ఊపిరి అందక వదిలేస్తుంది, ఏడుస్తుంది. ఏడిస్తే నోరు తెరుచుకుంటుంది, ఊపిరి అందుతుంది, మళ్లీ పట్టుకుంటుంది. అందుకే చుక్కలు ఎప్పుడు వేయాలన్నది ముఖ్యం. పాల తర్వాత కాదు, పాలకు పది పదిహేను నిమిషాల ముందు. కడుపు నిండాక వేస్తే కక్కేస్తుంది.

వేసే విధానం చెబుతాను. రేపు సెలైన్ తెచ్చాక చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసాను గుప్పిట్లో ఒకటి రెండు నిమిషాలు పట్టుకోండి, ఈ చలికి చల్లటి చుక్క పడితే బిడ్డ ఉలిక్కిపడుతుంది. పాపను ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టి, భుజాల కింద వేలెడు మందం గుడ్డ మడత పెట్టండి. మెడ మరీ విరిచేయకూడదు, ముక్కు కొన పైకప్పు వైపు చూస్తే చాలు. సీసా కొన ముక్కుకు తగలనివ్వకుండా ఒక రంధ్రంలో ఒక చుక్క, అవసరమైతే రెండు. జారి లోపలికి పోయేదాకా ఆగి రెండోవైపు. పీచికారీలా నొక్కకూడదు, సిరంజితో తోయకూడదు. ఒత్తిడికి నీళ్లు చెవి దారిలోకి పోతాయి, బిడ్డకు పొలమారుతుంది. తర్వాత నిమిషంసేపు అలాగే ఉంచి పక్కకు తిప్పండి. పక్కు మెత్తబడి తుమ్ముతో బయటకు వస్తుంది, లేదా గొంతులోకి జారి మింగేస్తుంది. మింగినా ఏమీ కాదు. రంధ్రం అంచుకు వచ్చినంతవరకే మెత్తటి నూలు గుడ్డను ఒత్తి తీయండి.

రోజుకు మూడు నాలుగు సార్లు, గురగుర ఎక్కువున్న పాల ముందు మాత్రమే. నిమ్మళంగా తాగుతుంటే ఆ పూట వేయనక్కర్లేదు.

ఈ రాత్రికి ఏం చేయాలంటే, పాపను కాస్త నిటారుగా, తల మీ మోచేతి మీద ఎత్తుగా పెట్టుకుని పట్టండి. రొమ్ము ముక్కుకు అదుముకోకుండా పాప పిర్రలను మీవైపు లాక్కుంటే తల కొంచెం వెనక్కి వెళ్లి ముక్కు ఖాళీ అవుతుంది. ఒకేసారి అరగంట పెనుగులాడొద్దు, గంట గంటన్నరకు కొంచెం కొంచెం ఇవ్వండి. మరీ అలసిపోతే చేత్తో పాలు పిండి, కడిగి మరిగించిన పాలాడతో పెదవి అంచున కొద్దికొద్దిగా పోయండి. నీళ్లు, గ్రైప్ వాటర్, వస వద్దు.

పెద్దమ్మ తుమ్ముల గురించి చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. దుమ్ము, పాలచుక్క, పక్కు ఏది ముక్కులో పడ్డా పసిబిడ్డ తుమ్మే బయటకు నెడుతుంది. ఒట్టి తుమ్ములంటే రొంప కాదు.

---

పాకాల_ఫార్మసిస్టు · డిసెంబర్ 12, ఉదయం 7:15

ఉప్పునీళ్లు ఇంట్లో చేయడం గురించి. 0.9 శాతం అంటే అర లీటరుకు నాలుగున్నర గ్రాములు. "చిటికెడు" ఒకరికి అర గ్రాము, ఇంకొకరికి గ్రామున్నర. గ్లాసు నీళ్లకు అది మూడింతల తేడా. ఇక్కడ బోరు నీళ్లలో ఉండే లవణాలు వేరే. చల్లారే లోపు మూత తీసి పెట్టి, వేలితో ముంచిన దూది వాడి, మూడు రోజులు అదే గిన్నె నీళ్లు వాడిన ఇళ్లున్నాయి. సెలైన్ సీసా ఖరీదైనది కాదు, రోజుల బిడ్డకు అదే వాడండి.

ఇంకొకటి, నరానికి ఎక్కించే సెలైన్ బాటిల్ మిగిలితే సూది గుచ్చి దాన్నుంచి చుక్కలు తీసేవాళ్లున్నారు. నీరు మంచిదే. కానీ అందులో చెడిపోకుండా ఆపే మందు ఉండదు, సూది గుచ్చిన రంధ్రం నుంచి క్రిములు చేరతాయి. ఆ బాటిల్‌ను వారం దాచుకోవడం తప్పు.

---

పెద్దమ్మ_చంద్రగిరి · ఉదయం 7:50

సరే, ఉప్పునీళ్లు వద్దు. ఆముదం, కొబ్బరినూనె చుక్క వేస్తే పక్కు మెత్తబడదా? రొమ్ముపాలలో తప్పేముంది?

---

పిల్లల_వైద్యం_పీజీ · ఉదయం 8:30

పెద్దమ్మా, నూనె పక్కును మెత్తబరుస్తుంది, నిజమే. కానీ నీళ్లు ఊపిరితిత్తుల దారిలోకి జారితే బిడ్డ దగ్గుతుంది. నూనె జారితే దగ్గు కూడా రాదు, మెల్లగా లోపలికి దిగి అక్కడే ఉండిపోతుంది. ఒంటికి అది కరగదు, వాపు పుట్టిస్తుంది. రోజూ ముక్కులో నూనె పోసిన పసిబిడ్డలు తగ్గని దగ్గుతో, ఊపిరి ఎగరేస్తూ వస్తారు. మాడుకు రాయండి, ముక్కుకు వద్దు.

రొమ్ముపాల మీద నాకు గట్టి అభ్యంతరం లేదు. ఒక చుక్క పడితే ప్రమాదమేమీ కాదు, సెలైన్ కంటే మేలనీ చెప్పలేను. అంటుకుని ఎండితే అదీ పక్కే కడుతుంది.

సాంబ్రాణి దగ్గర మాత్రం మీతో ఏకీభవించను. వాచిన ముక్కుకు పొగ ఇంకా వాపే. దోమల చుట్ట, అగరుబత్తి కూడా అంతే. కర్పూరం కలిసిన బామ్ ఛాతీకి రాయడం, కర్పూరం మూట ఉయ్యాలకు కట్టడం కూడా వద్దు, పసిబిడ్డలకు కర్పూరం ఫిట్స్ తెప్పించగలదు.

సుమతి గారూ, ఎడమవైపు మసక పలచగా ఉందన్నారు. సెలైన్ వేశాక, అర గంటకు చెంచా పరీక్ష మళ్లీ చేయండి. అప్పుడూ ఆ వైపు ఏమీ పడకపోతే, రోజుల తరబడి అలాగే ఉంటే, ఆ వైపు దారి పుట్టుకతోనే మూసుకుని ఉందేమో చూడాలి. డాక్టరు సన్నటి గొట్టం ముక్కులోంచి గొంతులోకి పోతుందో లేదో చూస్తారు, నిమిషం పని. రెండువైపులా అలా మూసుకుని ఉంటే పుట్టిన రోజే బయటపడుతుంది: నోరు మూసుకుంటే నీలం, ఏడిస్తే ఎరుపు. మీ పాపకు అలా లేదు.

---

మదనపల్లె_మాధవి · ఉదయం 9:20

రబ్బరు బంతిలాంటి పీల్చేది ఉంటుంది కదా, దాంతో లాగేస్తే తేలిక కదా? మా ఇంట్లో ప్రతి పాల ముందూ అదే వాడినాం.

---

పసిబిడ్డల_సిస్టర్ · ఉదయం 9:45

వాడొచ్చు, ప్రతిసారీ కాదు. ముందు బంతిని నొక్కి గాలి వదిలి, ఆ తర్వాత కొనను రంధ్రం అంచున పెట్టి మెల్లగా వదలాలి. చాలామంది ముక్కులో పెట్టాక నొక్కుతారు, చీమిడి ఇంకా లోపలికి పోతుంది. సెలైన్ వేసి నిమిషం ఆగాకే. రోజుకు రెండు మూడు సార్లు మించకూడదు. వాడిన ప్రతిసారీ సబ్బు నీళ్లు లోపలికి లాగి కడిగి, ఆరబెట్టాలి. లోపల నల్లగా బూజు పట్టిన బంతులు చూశాను.

---

పిల్లల_వైద్యం_పీజీ · ఉదయం 10:05

సిస్టర్‌తో కొంచెం తేడా. చీమిడి కంటికి కనిపిస్తే బంతి సరే. ఒట్టి గురగురకు, ఎండిన పక్కుకు రోజుల బిడ్డ ముక్కులో బంతి పెట్టడం నాకు ఒక్కసారి కూడా ఇష్టం లేదు. పీల్చేదేమీ ఉండదు, పొర వాస్తుంది. నోటితో పీల్చి తీసే పెద్దవాళ్లున్నారు, అది అసలు వద్దు, వాళ్ల గొంతులోని క్రిములన్నీ బిడ్డకు చేరతాయి.

---

పసిబిడ్డల_సిస్టర్ · ఉదయం 10:12

వార్డులో నాకు కనిపించేది వేరు డాక్టర్ గారూ, సరిగ్గా చేస్తే పాలు బాగా తాగిన బిడ్డలే ఎక్కువ. సరే, దీనిమీద మన మాట కలవదు.

---

పలమనేరు_నాన్న · డిసెంబర్ 13, సాయంత్రం 6:20

ఇది చదివే అడుగుతా ఉండా. మా బాబుకు 38 రోజులు. ఐదేళ్ల అక్కకు బడి నుంచి రొంప వచ్చింది, మూడు రోజుల నుంచి వీడికీ ముక్కు కారుతుంది, కొంచెం దగ్గు. సెలైన్ 0.65 తెచ్చి మీరు చెప్పినట్టే వేస్తా ఉండాం. ముక్కు తెరుచుకున్నట్టే ఉంది, కానీ పాలు తాగడం తగ్గింది. రోజుకు ఎన్నిసార్లదాకా చుక్కలు పెంచొచ్చు?

---

పసిబిడ్డల_సిస్టర్ · సాయంత్రం 6:26

చుక్కలు పెంచే ముందు ఊపిరి లెక్క చెప్పండి. ఇప్పుడే. పొద్దుటి నుంచి ఎన్ని గుడ్డలు తడిశాయో కూడా.

---

పలమనేరు_నాన్న · సాయంత్రం 6:41

66, మళ్లీ చూస్తే 70. పొద్దుటి నుంచి రెండే గుడ్డలు తడిసినాయి. పక్కటెముకల కింద గుంట పడతా ఉంది. పాలు సగం కూడా తాగడంలేదు, రెండు గుక్కలకే నిద్రపోతాడు. జ్వరం లేదు, 98.6.

---

పసిబిడ్డల_సిస్టర్ · సాయంత్రం 6:44

జ్వరం లేదని ఆగొద్దు. వెంటనే 108కు ఫోన్ చేయండి, లేదా సొంత బండి ఉంటే బయలుదేరండి. "నెల దాటిన బిడ్డ, ఊపిరి నిమిషానికి 70, పాలు తాగడంలేదు" అని ఈ మూడు ముక్కలే చెప్పండి. ముందు దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలో ఆక్సిజన్ ఎంతుందో చూపించండి, అక్కడినుంచి చిత్తూరుకో తిరుపతి రుయాకో వాళ్లే పంపుతారు. దారిలో బలవంతంగా పాలు పోయొద్దు. అంత వేగంగా ఊపిరి తీసే బిడ్డకు పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తల్లి రొమ్ముకు ఆనించుకుని, టోపీ పెట్టి, పైన దుప్పటి కప్పాలి, ముఖం మాత్రం కనిపిస్తూ ఉండాలి. పెదవి, నాలుక రంగు చూస్తూ ఉండండి.

---

పిల్లల_వైద్యం_పీజీ · సాయంత్రం 7:10

పైన ఇద్దరు బిడ్డలకూ ముక్కే బిగదీసింది, పాల దగ్గరే ఇబ్బంది. తేడా ఎక్కడుందో చదివేవాళ్లు గమనించండి. పుత్తూరు పాప పాలకు తనే లేచి, పెనుగులాడి, వదిలి, కోపంగా ఏడ్చి, మళ్లీ పట్టుకుంటోంది. ఒంటేలు తగ్గలేదు. పలమనేరు బాబు రెండు గుక్కలకే అలసి నిద్రపోతున్నాడు. ముక్కు తెరుచుకున్నాక కూడా పాలు తగ్గాయంటే అడ్డం ముక్కులో లేదు, ఊపిరితిత్తుల్లోని సన్న గొట్టాల్లో ఉంది. పెద్దపిల్లలకు ఒట్టి రొంపగా పోయే వైరసే నెలల బిడ్డకు అక్కడికి దిగుతుంది. మొదలైన మూడో రోజు నుంచి ఐదో రోజు దాకా ముదురుతుంది. రెండు నెలల లోపు బిడ్డలు కొందరు దగ్గు, జ్వరం లేకుండానే ఊపిరి తీయడం ఆపేస్తారు. ఇరవై సెకన్లు దాటి ఆగినా, అంతకంటే తక్కువే అయినా రంగు మారినా, ఒళ్లు మెత్తబడినా అది పసిబిడ్డ మామూలు విరామం కాదు.

అరచేతులు, అరికాళ్లు చలికి నీలంగా కనిపించవచ్చు. నాలుక నీలం అయితే చలి కాదు.

---

పుత్తూరు_సుమతి · డిసెంబర్ 14, ఉదయం 8:05

నిన్న సెలైన్ తెచ్చినాం అక్కా, 0.65. రాత్రి పది గంటల పాలకు పావుగంట ముందు చెరి ఒక చుక్క వేసినాను. ముఖం చిట్లించి ఏడ్చింది, నిమిషం లోపే మూడు తుమ్ములు. ఎడమవైపు నుంచి గోధుమ గింజంత పక్కు అంచుకు వచ్చింది, గుడ్డతో తీసినాను. పన్నెండు నిమిషాలు ఒక్క బిగిన తాగింది. చెంచా మీద రెండువైపులా మసక పడింది. తెల్లవారుజామున గురగుర ఇంకా ఉంది, కానీ తాగుతుంది కాబట్టి వేయలేదు. 

మొదట తెచ్చిన సీసా షాపులో తిరిగి ఇచ్చేసినాం. సెలైన్ సీసా తెరిచాక ఎన్నాళ్లు వాడొచ్చు?

---

పాకాల_ఫార్మసిస్టు · ఉదయం 8:30

తెరిచిన తేదీ పెన్నుతో సీసా మీద రాయండి. తెరిచాక ఎన్నాళ్లో పెట్టె మీదే ఉంటుంది. చాలావాటికి నెల. సీసా కొన ముక్కుకు తగిలి ఉంటే వేడినీళ్లలో ముంచిన శుభ్రమైన గుడ్డతో తుడిచి మూత పెట్టండి. ఇంట్లో ఇంకెవరికీ అదే సీసా వాడొద్దు.

---

పెద్దమ్మ_చంద్రగిరి · ఉదయం 9:00

మరి స్నానం అయినాక తల ఆరేదెట్లా, సాంబ్రాణి లేకుండా? గది బయట వేసి పొగ పోయినాక తీసుకొస్తే సరేనా?

---

పసిబిడ్డల_సిస్టర్ · ఉదయం 9:25

మెత్తటి తువ్వాలుతో అద్ది, ఎండ తగిలే గదిలో ఒళ్లో పెట్టుకుంటే పది నిమిషాల్లో ఆరుతుంది పెద్దమ్మా. గది బయట వేసుకున్నా నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

---

పలమనేరు_నాన్న · డిసెంబర్ 15, రాత్రి 8:50

చిత్తూరులో చేర్చినాం. ముక్కుకు ఆక్సిజన్ పెట్టి, ముక్కు గొట్టంతో వాళ్లమ్మ పాలే పోస్తా ఉండారు. ఊపిరి ఇప్పుడు 58కి వచ్చింది. రేపు రొమ్ముకు పెట్టి చూస్తామన్నారు. మా పెద్దపాపను వాళ్ల అవ్వ దగ్గరే ఉంచినాం, రొంప పోయేదాకా.

---

పెద్దమ్మ_చంద్రగిరి · రాత్రి 9:15

బిడ్డ తేరుకున్నాక రాయి నాయనా. ఆ పెద్దపాప చేతులు కడిగించి గానీ తమ్ముడి దగ్గరికి పోనీయద్దు.